జీతం ఆగిన ఇంట్లో ఇద్దరు

సాయంత్రం ఆరున్నరకు తలుపు తీయగానే ఆమె అడుగుతుంది: “ఏమైనా ఫోన్ వచ్చిందా?” ప్రేమతోనే అడుగుతుంది, రోజంతా ఆఫీసులో మనసు అటే ఉంటుంది కాబట్టి అడుగుతుంది. మొదటి వారం ఆయన వివరంగా చెబుతాడు. మూడో వారానికి “లేదు” అని ఒక్క మాటతో సరిపెడతాడు. రెండో నెలలో ఆమె వచ్చే వేళకు బాల్కనీలోకో, కింద పార్కులోకో వెళ్లిపోతాడు. మియాపూర్, కొండాపూర్, నిజాంపేట అపార్ట్‌మెంట్లలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం పోయిన ఇళ్లలో ఇది చాలా మామూలుగా జరిగే సంగతి. ఇద్దరిలో ఎవరి తప్పూ లేకుండానే ఒక ప్రశ్న రోజువారీ పరీక్షగా మారిపోతుంది.

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో అమిరమ్ వినోకర్, రిచర్డ్ ప్రైస్ అనే పరిశోధకులు తమ సహచరులతో కలిసి ఈ పరిణామాన్నే పరిశీలించారు. కొత్తగా ఉద్యోగం పోయిన ఎనిమిది వందలకు పైగా మందిని, వాళ్ల జీవిత భాగస్వాములను కొన్ని నెలల పాటు వెంట ఉండి గమనించి, 1996లో ఫలితాలు ప్రచురించారు. అందులో తేలింది ఇది. డబ్బు ఇబ్బంది ఉద్యోగం పోయిన మనిషిని మాత్రమే కాదు, పక్కనున్న మనిషినీ కుంగదీస్తుంది. అలా కుంగిన భాగస్వామి నుంచి అందే ఆసరా తగ్గుతుంది, దెప్పుళ్లు, విసుగు, తప్పులెన్నడం పెరుగుతాయి. అవి ఉద్యోగం పోయిన మనిషిని ఇంకా లోపలికి నెడతాయి, కాపురంలో తృప్తి తగ్గుతుంది. అంటే గొడవలకు మొదలు మనుషుల స్వభావంలో కన్నా నెలాఖరు లెక్కలో ఎక్కువగా ఉంది. ఆసరాగా నిలవాలనుకునే భర్త గానీ భార్య గానీ మొదట చేతిలోకి తీసుకోవలసింది ఆ లెక్కనే. ఓదార్పు మాటలు ఆ తర్వాత చెప్పుకోవచ్చు.

మొదటి పది రోజులు కాగితాలవి. ఐటీ కంపెనీల్లో చాలాసార్లు హెచ్‌ఆర్ విభాగం ఒక చిన్న గదిలోకి పిలిచి, “మీరే రాజీనామా మెయిల్ పెట్టేయండి, రిలీవింగ్ లెటర్ శుభ్రంగా వస్తుంది” అంటుంది. ఆ గదిలో కూర్చున్న మనిషికి ఆ క్షణంలో ఆలోచన సాగదు. ఇంట్లో మనిషి చేయగల మొదటి సాయం అక్కడే ఉంది. “ఇవాళే పంపొద్దు. ఒక రాత్రి ఆగు. ఏమిస్తారో రాతపూర్వకంగా అడుగు” అని ఫోన్‌లో చెప్పగలగాలి. ఎన్ని నెలల జీతం ఇస్తారు, మిగిలిన సెలవులకు డబ్బు వస్తుందా, ఐదేళ్లు దాటితే గ్రాట్యుటీ ఎంత, రిలీవింగ్ లెటర్ ఏ తేదీకి, ఆరోగ్య బీమా ఏ రోజు వరకు అనే ప్రశ్నలకు మెయిల్‌లో జవాబు ఉండాలి. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల స్మృతి ప్రకారం ఉద్యోగి రాజీనామా చేసినా, తొలగించినా, రావలసిన జీతం రెండు పనిదినాల్లో చెల్లించాలి. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్‌కు నెలన్నర ఆగమనే పాత అలవాటు చాలా ఆఫీసుల్లో ఉండేది కాబట్టి ఈ నిబంధన గుర్తుపెట్టుకుని అడగడం మంచిది.

బీమా సంగతి అందరూ ఆఖరున చూస్తారు. అక్కడే పెద్ద దెబ్బ తగులుతుంది. కంపెనీ ఇచ్చిన గ్రూపు పాలసీ మామూలుగా ఉద్యోగపు చివరి రోజుతోనే ముగుస్తుంది. అదే పాలసీ మీద అమ్మానాన్నలు ఉంటే వాళ్ల రక్షణ కూడా ఆ రోజుతోనే పోతుంది. గ్రూపు పాలసీ నుంచి అదే బీమా కంపెనీ ఇచ్చే వ్యక్తిగత పాలసీకి మారే వీలు ఉంది. అలా మారితే పాత జబ్బులకు ఇప్పటికే గడిచిన వేచి ఉండే కాలాన్ని లెక్కలోకి తీసుకుంటారు. చివరి తేదీ రాకముందే హెచ్‌ఆర్‌నూ బీమా కంపెనీనీ అడగాలి. ఒకవేళ ఉద్యోగంలో ఉన్న భాగస్వామి కంపెనీలో గ్రూపు పాలసీ ఉంటే, భర్తను లేదా భార్యను అందులో చేర్చే అవకాశం ఉందేమో అదే వారంలో కనుక్కోవాలి. ఇది ఒక ఫోన్ కాల్‌తో తేలే పని, కానీ ఉద్యోగం పోయిన మనిషికి ఆ ఫోన్ చేయడమే భారంగా ఉంటుంది. అందుకే ఈ పనిని రెండో మనిషి తన మీద వేసుకోవడం మేలు.

ఇక లెక్క. ఉదాహరణకు ఇలాంటి ఒక ఇంటిని అనుకుందాం. భర్త చేతికొచ్చే జీతం 95,000, ప్రైవేటు సంస్థలో పనిచేసే భార్యది 48,000. ఇద్దరివీ కలిపి 1,43,000 రూపాయలు. ఖర్చులు: ఇంటి రుణం ఈఎంఐ 38,000, కారు ఈఎంఐ 11,000, సరుకులు, పాలు, కూరలు 16,000, కరెంటు, గ్యాస్, మెయింటెనెన్స్, ఫోన్లు 9,000, బడి ఫీజు నెలకు సగటున 10,000, పెట్రోలు 7,000, ఊళ్లో అమ్మానాన్నలకు 8,000, చిట్టీ 10,000, మ్యూచువల్ ఫండ్ సిప్ 10,000, షాపింగు, హోటళ్లు, సినిమాలు 14,000. మొత్తం 1,33,000. నెలకు పదివేలు మిగులుతున్నాయి కాబట్టి ఎవరికీ దిగులు లేదు.

భర్త ఉద్యోగం పోయింది. కంపెనీ ఇచ్చిన రెండు నెలల జీతం, బ్యాంకులో ఉన్న పొదుపు కలిపి చేతిలో 4,00,000 ఉన్నాయి. ఆరోగ్య బీమాకు కొత్తగా నెలకు 2,500 పక్కన పెట్టాలి. ఏమీ మార్చకుండా పాత పద్ధతిలోనే నడిస్తే నెలకు 1,35,500 ఖర్చు, 48,000 రాబడి. లోటు 87,500. నాలుగు లక్షలు నాలుగున్నర నెలలు వస్తాయి. ఇప్పుడు ఇద్దరూ కూర్చుని సిప్ ఆపి, షాపింగు, హోటళ్లు తీసేసి, పెట్రోలు నాలుగు వేలకు, సరుకులు 14,000కు, కరెంటు, ఫోన్ల బిల్లులు ఎనిమిది వేలకు తగ్గించారు అనుకుందాం. అమ్మానాన్నలకు పంపేది, చిట్టీ, ఫీజు, ఈఎంఐలు అలాగే ఉంచారు. మొత్తం 1,05,500 అవుతుంది. లోటు 57,500. అదే నాలుగు లక్షలు ఇప్పుడు దాదాపు ఏడు నెలలు నిలబడతాయి.

ఈ రెండున్నర నెలల తేడా డబ్బు కన్నా మనసుకు ఎక్కువ పనిచేస్తుంది. “డబ్బులు అయిపోతున్నాయి” అనే భయానికి అంతు ఉండదు. “మనకు ఫలానా నెల దాకా ఉంది” అన్నప్పుడు దానికి ఒక తేదీ వస్తుంది. ఆ తేదీ ఇద్దరికీ తెలిసి ఉంటే, యాభై రూపాయల ఆటో గురించి మాటా మాటా రాదు. చాలా ఇళ్లలో ఉద్యోగం పోయినవాళ్లే పొదుపు ఎంతుందో దాచి, ఒంటరిగా ఆ అంకెను మోస్తుంటారు. దాచడం అబద్ధమాడాలని కాదు, ఎదుటి మనిషి భయపడతారని. కానీ లెక్క తెలియని మనిషి అసలు కన్నా ఎక్కువే భయపడతారు. అందుకని మొదటి వారాంతంలోనే బ్యాంకు పాస్‌బుక్కులు, రుణాల కాగితాలు, క్రెడిట్ కార్డు బిల్లులు, స్నేహితుల దగ్గర తీసుకున్న చేబదుళ్లు అన్నీ ఒక కాగితం మీద పెట్టడం అవసరం. ఎవరి పొరపాటు ఎంతనే విచారణ ఆ కాగితం మీద జరగకూడదు. ఒకవేళ తెలియని అప్పు బయటపడితే, దాన్ని ఆ రోజు పట్టికలో రాయడం వరకే ఉంచి, దాని గురించి మాట్లాడుకోవడం ఇంకో రోజుకు వాయిదా వేసుకోవచ్చు.

రుణం విషయంలో ఒక్క సంగతి తెలిసి ఉంటే చాలా మేలు. ఈఎంఐ గడువు దాటిన రోజు నుంచే బ్యాంకు దాన్ని ప్రత్యేక గమనిక ఖాతాగా గుర్తిస్తుంది. ముప్పై రోజులు, అరవై రోజులు దాటేకొద్దీ ఆ వర్గం మారుతుంది. తొంభై రోజులు దాటితే మొండి బాకీ. ఆ దశకు చేరాక బ్యాంకుతో మాట్లాడే వీలు బాగా కుంచించుకుపోతుంది. ఒక్క వాయిదా కూడా తప్పకముందే వెళ్లి, ఉద్యోగం పోయిన ఉత్తరం చూపించి, కాలపరిమితి పెంచి ఈఎంఐ తగ్గించమని గానీ, కొన్ని నెలలు వడ్డీ మాత్రమే కట్టించుకోమని గానీ అడగడం వేరు. బ్యాంకు ఒప్పుకోవాలని రూలేమీ లేదు, కానీ బాకీ లేని ఖాతాదారుడి మాటకు విలువ ఉంటుంది. రుణం ఇద్దరి పేరా ఉంటే ఇద్దరూ కలిసి వెళ్లడం మంచిది. ఆ కుర్చీలో ఒంటరిగా కూర్చోవడం ఉద్యోగం లేని మనిషికి ఎంత కష్టమో, కూర్చున్నవాళ్లకే తెలుస్తుంది. ఇక క్రెడిట్ కార్డు మీద కనీస మొత్తం మాత్రమే కట్టుకుంటూ నెట్టుకురావడం అన్నిటికన్నా ఖరీదైన దారి. ఏడాదికి లెక్కేస్తే ఆ వడ్డీ చాలా కార్డుల్లో నలభై శాతం దగ్గర ఉంటుంది. సిప్ ఆపితే నష్టం ఏమీ ఉండదు, చిట్టీ మధ్యలో ఆపితే ఉంటుంది. ఎత్తని చిట్టీని పాట పాడి తీసుకోవచ్చు కానీ ఆ తర్వాతా నెలనెలా కట్టాలి, జామీనుదార్లను చూపించాలి. కాబట్టి దాన్ని ఏడుపుగొట్టు ఆఖరి నెలలో కాకుండా ముందుగానే ఆలోచించుకోవాలి.

పీఎఫ్ సొమ్ము మీదికి చాలామంది మనసు పోతుంది. 2025 అక్టోబరులో ఈపీఎఫ్‌ఓ ట్రస్టీల బోర్డు తీసుకున్న నిర్ణయం ప్రకారం ఉద్యోగం పోయినవాళ్లు ఖాతాలో 75 శాతం వరకు వెంటనే తీసుకోవచ్చు, మిగిలిన పాతిక శాతం పన్నెండు నెలలు ఉద్యోగం లేకపోతేనే. తీయగలం కదా అని మొదటి నెలలోనే తీయడం తొందరపాటు. నాలుగు లక్షలతో ఏడు నెలలు ఉన్న ఇంటికి పీఎఫ్ ఎనిమిదో నెల సంగతి. నెలనెలా పింఛను రావాలంటే పదేళ్ల సర్వీసు కావాలి కాబట్టి, పింఛను భాగాన్ని తీసేసుకుంటే అప్పటిదాకా నడిచిన సర్వీసు కూడా పోతుందని గుర్తుంచుకోవాలి.

లెక్క కుదిరాక మాటలకు ఒక వేళ పెట్టుకోవాలి. ఉదాహరణకు శనివారం ఉదయం కాఫీ తర్వాత ఒక గంట. ఆ గంటలో డబ్బు, దరఖాస్తులు, ఇంటర్వ్యూలు అన్నీ మాట్లాడుకోవచ్చు. మిగతా ఆరు రోజులు ఆ ప్రశ్న ఆమె అడగదు. చెప్పాలనిపిస్తే ఆయనే చెబుతాడు. సాయంత్రం తలుపు దగ్గర ప్రశ్న మారుతుంది: “భోంచేశావా? పదండి, అలా ఒక రౌండు నడిచొద్దాం.” ఇది కృత్రిమంగా అనిపించవచ్చు. కానీ ఉద్యోగం ఉన్న రోజుల్లో ఏ భార్యా భర్తను ప్రతి సాయంత్రం “ఇవాళ ఎంత పని చేశావు?” అని నిలదీయదు. పని లేనప్పుడు మాత్రం ఆ పద్ధతి మారిపోవాల్సిన అవసరం ఏముంది?

మిషిగన్ పరిశోధకులు ‘జాబ్స్’ పేరుతో ఒక శిక్షణ కార్యక్రమం కూడా తయారు చేశారు. తర్వాత ఫిన్లాండ్ కూడా దాన్ని అందిపుచ్చుకుంది. అందులో ఉద్యోగం వెతికే నైపుణ్యంతో పాటు తిరస్కారానికి ముందే సిద్ధం కావడం నేర్పుతారు. ఇంటర్వ్యూకు వెళ్లే ముందే “రాకపోతే మర్నాడు ఏం చేద్దాం?” అని రాసుకోవడం అందులోని ఒక పాఠం. ఇంట్లో ఇది తేలిగ్గా చేయవచ్చు. శుక్రవారం మూడో రౌండు ఉందనుకోండి. కాకపోతే శనివారం ఏ స్నేహితుడికి ఫోన్ చేయాలి, సోమవారం ఏ కంపెనీకి దరఖాస్తు పెట్టాలి అనేది గురువారమే తేల్చుకుంటే, “సారీ” అన్న మెయిల్ వచ్చిన రాత్రి ఇద్దరూ ఖాళీ గోడ వైపు చూస్తూ కూర్చోనవసరం లేదు.

పని లేకపోవడం మనిషిని ఎలా మారుస్తుందో చెప్పే మరో అధ్యయనం పాతదే అయినా ఇప్పటికీ చదువుతుంటే గుండె బరువెక్కుతుంది. ఆస్ట్రియాలో వియన్నాకు దగ్గర్లోని మారియెంథాల్ అనే ఊరంతా ఒక బట్టల మిల్లు మీద బతికేది. 1929-30లో ఆ మిల్లు మూతపడింది. మరీ జహోడా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్ అనే పరిశోధకులు ఆ ఊరిని అధ్యయనం చేసి, 1933లో పుస్తకంగా తెచ్చారు. రోజంతా ఖాళీగా ఉన్న మనుషులు గ్రంథాలయంలో పుస్తకాలు తీసుకోవడం పెరగాలి కదా? సగానికి పడిపోయింది. వీధిలో మనుషులు ఎంత వేగంగా నడుస్తున్నారో కిటికీలోంచి గడియారం పట్టుకుని కొలిచారు. మగవాళ్లు మెల్లగా నడిచేవారు, మాటిమాటికీ ఆగిపోయేవారు. ఇంటిపని చేసే ఆడవాళ్లు మాత్రం చకచకా నడిచేవారు, వాళ్ల రోజుకు ఇంకా ఒక ఆకారం ఉండేది. రోజులో ఏం చేశారని మగవాళ్లను అడిగితే లేవడం, మధ్యాహ్నం భోజనం, పడుకోవడం తప్ప చెప్పడానికి ఏమీ దొరికేది కాదు.

జహోడా తర్వాతి కాలంలో దీన్ని ఒక సిద్ధాంతంగా చెప్పింది. ఉద్యోగం జీతంతో పాటు మరో ఐదు ఇస్తుంది: రోజుకు ఒక క్రమం, ఇంటి బయటి మనుషులతో కలవడం, నలుగురితో కలిసి ఒక పనికి చేయి వేస్తున్నామన్న భావం, సమాజంలో ఒక స్థానం, చేతికి నిత్యం ఏదో ఒక పని. ఉద్యోగం పోతే ఈ ఐదూ ఒకేసారి పోతాయి. భాగస్వామి జీతం తెచ్చినా ఇవి తిరిగి రావు. అందుకే “డబ్బు గురించి నువ్వు దిగులుపడకు, నేనున్నాగా” అన్న మాట మంచిదే గానీ చాలదు.

ఈ ఐదింటిలో ఏ ఒక్కదాన్నైనా ఇంట్లోంచే కొంత తిరిగి ఇవ్వవచ్చు. ఉదయం ఎనిమిదిన్నరకు పిల్లను బస్సెక్కించి, తొమ్మిదికి బల్ల ముందు కూర్చుని, ఒంటిగంటకు లేవడం అనే క్రమం ఉంటే, ఆ నాలుగు గంటలను ఇంట్లో వాళ్లు కూడా ఆఫీసు సమయంగానే చూడాలి. “ఖాళీగానే ఉన్నావుగా, గ్యాస్ బుక్ చెయ్యి, బ్యాంకుకెళ్లు, పెద్దమ్మను స్టేషన్‌లో దించు” అని ఆ గంటల్లో తుంచి పనులు చెప్పకూడదు. మధ్యాహ్నం తర్వాత ఇంటిపనిలో సగం ఆయనదే కావచ్చు, కాకూడదని ఎవరూ అనరు. అమీర్‌పేటలో ఒక కోర్సులో చేరడమో, పాత సహోద్యోగులు కొందరిని వారానికి ఒకసారి కలవడమో జరిగితే ఇంటి బయటి మనుషులు మళ్లీ వస్తారు. కోర్సు ఫీజు పెద్ద మొత్తమైతే అది కూడా శనివారం గంటలో తేలాలి. ఉద్యోగం గ్యారంటీ అని చెప్పి ముందే డబ్బు కట్టించుకునేవాళ్లను, డబ్బిస్తే బ్యాక్‌డోర్ ఆఫర్ ఇప్పిస్తామనేవాళ్లను ఆశ ఎక్కువగా ఉన్న మనిషి కన్నా పక్కనున్న మనిషే త్వరగా గుర్తుపడతారు.

దిగులు ఎప్పుడు మామూలు దిగులు, ఎప్పుడు జబ్బు? ఉద్యోగం పోయిన మొదటి వారాల్లో ఏడుపు, కోపం, నిద్ర పట్టకపోవడం సహజం. జర్మన్ మనస్తత్వవేత్తలు కార్‌స్టెన్ పాల్, క్లౌస్ మోసర్ 2009లో వందలాది అధ్యయనాలను కలిపి చూసినప్పుడు ఉద్యోగంలో ఉన్నవాళ్లలో 16 శాతం మందికి, లేనివాళ్లలో 34 శాతం మందికి మానసిక సమస్యలు కనిపించాయి. అంటే ముగ్గురిలో ఒకరు. అలా రాని ఇద్దరూ ఉన్నారని కూడా అర్థం. డాక్టర్లు చూసే గుర్తు రెండు వారాలు. రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిరోజూ మనసు కుంగి ఉండడం, ఇష్టమైన వాటి మీద కూడా ఆసక్తి పోవడం, తెల్లవారుజామున మూడుకే మెలకువ రావడం లేదా రోజంతా పడుకునే ఉండడం, తిండి తగ్గడం, చిన్న పని మొదలుపెట్టడానికీ శక్తి లేకపోవడం, అన్నిటికీ తననే నిందించుకోవడం. వీటిలో చాలావరకు కలిసి కనిపిస్తే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లవలసిన సమయం వచ్చినట్టే. కొందరు మగవాళ్లలో ఇది ఏడుపుగా కాక చిరాకుగా, మద్యంగా, అర్ధరాత్రి దాకా ఫోన్‌లో ట్రేడింగుగా బయటపడుతుంది. అప్పుడు ఇంట్లో వాళ్లు దాన్ని దిగులుగా కాక దురలవాటుగా చూసే ప్రమాదం ఉంది.

ఒక మాట మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. “నేను లేకపోతే మీకు భారం తగ్గుతుంది”, “ఇన్సూరెన్స్ డబ్బైనా వస్తుంది” లాంటి మాటలు వినిపించినా, ఉన్నట్టుండి పాలసీ కాగితాలు, పాస్‌వర్డ్‌లు వరుసగా అప్పగిస్తున్నా నేరుగా అడగాలి: “చచ్చిపోవాలని అనిపిస్తోందా?” అడిగితే లేని ఆలోచన పుడుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. అడగడం వల్ల మనిషికి మాట్లాడే దారి దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలకూడదు, మాత్రలు, పురుగుమందు లాంటివి అందకుండా తీసేయాలి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవలో 14416 నంబరుకు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తెలుగులోనే మాట్లాడవచ్చు. బాధపడుతున్న మనిషే ఫోన్ చేయాలని లేదు, ఇంట్లో వాళ్లు కూడా చేసి ఏం చేయాలో అడగవచ్చు.

గౌరవం చిన్న చిన్న సంగతుల్లో నిలుస్తుంది, పోతుంది. వాటిలో మొదటిది చేతి ఖర్చు. నలభై దాటిన మనిషి టీ డబ్బుల కోసం, పెట్రోలు కోసం ప్రతిసారీ అడగవలసి వస్తే, ఎంత ప్రేమగా ఇచ్చినా అది అడుక్కోవడంలాగే తగులుతుంది. పైన చెప్పిన బడ్జెట్లోనే ఇద్దరికీ సమానంగా ఒక మొత్తం, మూడు వేలో నాలుగు వేలో, నెల మొదట్లోనే వేరుగా పడాలి. దాని లెక్క ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేదు. రెండోది నిర్ణయాలు. పాప ఏ బడికి వెళ్లాలి, అమ్మానాన్నలకు ఎంత పంపాలి అన్న సంగతుల్లో ఆయన మాటకు ఉన్న బరువు జీతంతో పాటు పోకూడదు. “డబ్బు నాది కాబట్టి” అన్న వాక్యం ఒక్కసారి వచ్చినా అది చాలాకాలం ఇంట్లో మోగుతుంది.

బంధువుల సంగతి ఇంకా కష్టం. పెళ్లిలో, గృహప్రవేశంలో, ఊరి జాతరలో ఎవరో ఒకరు “బాబూ, ఇప్పుడు ఏ కంపెనీ?” అని అడుగుతారు. ఎవరికి ఏం చెప్పాలనేది ఉద్యోగం పోయిన మనిషే నిర్ణయించుకోవాలి. భార్య తన పుట్టింటివాళ్లతో, భర్త తన తల్లిదండ్రులతో రెండో మనిషికి తెలియకుండా చెప్పేయకూడదు. ముందే కూడబలుక్కున్న ఒక్క వాక్యం చాలు: “మామయ్యా, ఆ కంపెనీలో మా టీమంతా తీసేశారు. వేరే చోట చూస్తున్నాను.” ఇది నిజమే, ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. అత్తగారో, తోడల్లుడో దానిమీద ఇంకో మాట జోడిస్తే, జవాబు పక్కనున్న భాగస్వామి నుంచి రావాలి. “అత్తయ్యా, ఆ విషయం మేమిద్దరం చూసుకుంటున్నాం” అని ఆమె అన్న మాట ఆయనకు ఎంతో కాలం గుర్తుంటుంది.

పిల్లలకు కూడా నిజమే చెప్పాలి, వయసుకు తగినట్టు. “నాన్న ఆఫీసు మూసుకుంది, కొత్త ఆఫీసు వెతుక్కుంటున్నారు. కొన్నాళ్లు షాపింగు తగ్గిద్దాం, నీ బడి మారదు” అని చెబితే పదేళ్ల పిల్లకు అర్థమవుతుంది. చెప్పకపోతే ఇంట్లోని నిశ్శబ్దానికి తనే కారణమేమోనని పిల్లలు అనుకుంటారు.

బంగారం గురించి వేరుగా చెప్పాలి. తెలుగు ఇళ్లలో కష్టం రాగానే చూపు పోయేది దాని మీదికే. పుట్టింటివాళ్లు పెట్టిన నగలు స్త్రీధనం. 2024 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో స్త్రీధనం భార్య సొంత ఆస్తి అనీ, కష్టకాలంలో భర్త వాడుకున్నా తిరిగి ఇవ్వవలసిన నైతిక బాధ్యత ఉందనీ మరోసారి స్పష్టం చేసింది. కాబట్టి ఆమె తనంతట తానుగా ఇస్తే తీసుకోవచ్చు గానీ, ఇవ్వకపోతే అది ప్రేమ తక్కువ అనుకోకూడదు. ఇచ్చినప్పుడు ఎంత తూకం, ఏ బ్యాంకులో తాకట్టు, విడిపించే గడువు ఎప్పుడు అనేవి ఇద్దరికీ తెలిసిన కాగితం మీద ఉండాలి. గౌరవం ఇటునుంచీ అటునుంచీ ఉండవలసిందే కదా.

ఇప్పటిదాకా భర్త ఉద్యోగం పోయిన ఇంటినే చూశాం. భార్య ఉద్యోగం పోయిన ఇంట్లో జరిగేది వేరు, అది ఇంకా తక్కువగా గమనిస్తాం. సమాజశాస్త్రవేత్త ఆలియా హమీద్ రావు అమెరికాలో చదువుకున్న ఉద్యోగస్తుల కుటుంబాలను దగ్గరగా చూసి 2020లో ‘క్రంచ్ టైమ్’ అనే పుస్తకం రాశారు. భర్త ఉద్యోగం పోతే ఇల్లంతా ఆయన వెతుకులాట చుట్టూ అమరింది. ఆయనకు వేరే గది, నిశ్శబ్దం, సమయం దొరికాయి. భార్య ఉద్యోగం పోతే ఆమె వెతుకులాట అంత అత్యవసరంగా ఎవరికీ అనిపించలేదు, ఇంటిపనీ పిల్లల పనీ ఆమె మీదికే జరిగాయి. మన ఇళ్లలోనూ ఇదే చూస్తున్నాం. ఆమెకు ఉద్యోగం పోయిన నెలలోనే పనిమనిషిని మాన్పిస్తారు, పిల్లను డేకేర్ నుంచి తీసేస్తారు, “ఇంట్లోనే ఉంటావుగా” అంటారు. ఆ మాటతో ఆమె ఉద్యోగ వెతుకులాటకు రోజులో ఒక్క గంట కూడా మిగలదు. ఆరు నెలల తర్వాత “ఇంకా దొరకలేదా?” అంటారు. భర్త నిజంగా ఆసరా కావాలనుకుంటే, డేకేర్‌నూ పనిమనిషినీ కనీసం సగం పూటకైనా నిలబెట్టి, ఉదయం నాలుగు గంటలు ఆమెవే అని తానే గట్టిగా నిలబడాలి. ఆ ఖర్చు ఆమె తిరిగి ఉద్యోగంలో చేరడానికి పెట్టే పెట్టుబడి. దాన్ని దుబారాగా లెక్కేయడం పొరపాటు.

ఉద్యోగంలో మిగిలిన మనిషి సంగతి కూడా మర్చిపోకూడదు. ఇల్లంతా ఒక్క జీతం మీద నడుస్తున్నప్పుడు, తన ఉద్యోగం కూడా పోతుందేమోనన్న భయం ఆ మనిషిని ఓవర్‌టైమ్ వైపు, కోపాన్ని మింగడం వైపు నెడుతుంది. మిషిగన్ పరిశోధకులు చూపించిన గొలుసులో పక్కనున్న మనిషి కూడా కుంగుతారని మళ్లీ గుర్తుచేసుకోవాలి. అలసిపోయినప్పుడు “ఇవాళ నాకు ఓపిక లేదు, రేపు మాట్లాడుకుందాం” అని చెప్పడం, అక్కతోనో స్నేహితురాలితోనో కాసేపు మాట్లాడుకోవడం ఆసరాలో భాగమే. భారాన్ని ఆమె దాచుకుంటే అది ఎక్కడో ఒక చిన్న మాటలో, వంటింట్లో గిన్నె పెట్టే చప్పుడులో బయటికి వస్తుంది.

ఏడెనిమిది నెలల తర్వాత ఆఫర్ వచ్చినప్పుడు అది పాత జీతం కన్నా తక్కువ కావచ్చు. పైన చెప్పిన ఇంట్లో 95,000కు బదులు 70,000 వస్తే లెక్క ఇలా ఉంటుంది: భార్య 48,000తో కలిపి 1,18,000. తగ్గించుకున్న ఖర్చు 1,05,500. అంటే 12,500 మిగులుతుంది, ఇల్లు నిలబడుతుంది. కానీ పాత 1,33,000 ఖర్చుకు వెంటనే తిరిగి వెళ్తే మళ్లీ లోటే. ఈ అంకెలు చూసే ఆఫర్ ఒప్పుకోవాలో, రెండు నెలలు ఆగాలో తేల్చుకోవచ్చు. “ఇంత తక్కువకా?” అన్న మాట ఆ ఉత్తరం చూసిన మొదటి నిమిషంలో ఎవరూ అనకుండా ఉంటే చాలు. ప్రొబేషన్ ముగిసే దాకా సిప్, హోటళ్లు తిరిగి మొదలుపెట్టకుండా, ముందు కార్డు బాకీ, తర్వాత చేబదుళ్లు, ఆ తర్వాత ఆరు నెలల ఖర్చుకు సరిపడా నిల్వ అనే వరుసలో వెళ్లడం క్షేమం. కొత్త కంపెనీ గ్రూపు బీమా ఇచ్చినా, మధ్యలో తీసుకున్న వ్యక్తిగత పాలసీని వదులుకోనక్కర్లేదు. వేచి ఉండే కాలం అందులో నడుస్తూనే ఉంటుంది, ఏ కంపెనీ ఎప్పుడు మానేసినా అది కుటుంబంతోనే ఉంటుంది. కొత్త హెచ్‌ఆర్‌కు పాత యూఏఎన్ నంబరే ఇస్తే, పీఎఫ్ సర్వీసు కూడా ఆగిన చోటు నుంచి కొనసాగుతుంది.